సగటు ఒక్కటే అచ్చు వేయకండి

తెలుగు పత్రికల ఆరోగ్య పుటల సంపాదకులకు,

మీ పుటల్లో ఒక రకం వార్త తరచు కనబడుతోంది. ఫలానా మందు మీదో, ఫలానా ఆహారం మీదో లోకంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కకట్టారని, ఇంత శాతం మేలు జరుగుతుందని తేలిందని ఆ వార్త చెబుతుంది. ఆ కలిపి కట్టే లెక్కనే మెటా-అనాలిసిస్ అంటారు. ఒక్క అధ్యయనం కన్నా దాన్ని వైద్యులు ఎక్కువగా నమ్ముతారు, ఆ నమ్మకం సబబే. అలాంటి వార్త వేయడం మీద నాకు అభ్యంతరం లేదు. మూల వ్యాసంలో ఫలితాల విభాగం నాలుగైదు పేరాలు ఉంటుంది. అందులో మొదటి పేరాలోని సగటు మాత్రమే మన భాషలోకి వస్తోంది. అధ్యయనాలు తమలో తాము ఎంత ఏకీభవించాయో చెప్పే హెటరోజెనిటీ పేరా, అచ్చుకు రాని అధ్యయనాల మాటేమిటని విచారించే పబ్లికేషన్ బయాస్ పేరా దారిలోనే రాలిపోతున్నాయి. ఆ రెండూ లేని సగటు ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో వైద్య చరిత్రలో ఒక ఉదాహరణ స్పష్టంగా ఉంది. దాన్ని అంకెలతో సహా మీ ముందు పెడతాను.

గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చిన మనిషికి నరం ద్వారా మెగ్నీషియం ఎక్కిస్తే చావు తప్పుతుందా అన్నది ప్రశ్న. మెగ్నీషియం చవక, ఎక్కడైనా దొరుకుతుంది. 1984 నుంచి 1990 దాకా దీని మీద చిన్న చిన్న ట్రయళ్లు ఏడు వెలువడ్డాయి. టియో, యూసుఫ్ తదితరులు వాటిని కలిపి 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మెటా-అనాలిసిస్ ప్రచురించారు. ఏడింటిలో కలిపి 1,301 మంది రోగులు. మెగ్నీషియం ఇచ్చిన 657 మందిలో 25 మంది చనిపోయారు. ఇవ్వని 644 మందిలో 53 మంది చనిపోయారు. ఆడ్స్ రేషియో 0.44, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.27 నుంచి 0.71.

ఈ ఒక్క వాక్యాన్ని సరిగ్గా తెలుగులో పెట్టడం దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. ఆడ్స్ అంటే చనిపోయినవారికీ బతికినవారికీ ఉన్న నిష్పత్తి. మెగ్నీషియం వైపు 25 మంది పోతే 632 మంది బతికారు, రెండో వైపు 53 మంది పోతే 591 మంది బతికారు. మొదటి నిష్పత్తిని రెండోదానితో భాగిస్తే 0.44 వస్తుంది. ఇది ‘చనిపోయే అవకాశం 56 శాతం తగ్గింది’ అనే మాటతో సరిగ్గా సమానం కాదు. చావులు తక్కువగా ఉన్నచోట రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఇక్కడ పెద్ద ప్రమాదం లేదు. నూటికి ముప్ఫై, నలభై మందికి జరిగే విషయంలో అయితే తేడా బాగా పెరుగుతుంది, అప్పుడు ఆడ్స్‌ను అవకాశంగా రాస్తే మందు గొప్పతనం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. పాఠకుడికి అన్నిటికన్నా బాగా అర్థమయ్యేది మనుషుల లెక్క: మందు లేకుండా వెయ్యి మందిలో 82 మంది చనిపోయినచోట మందుతో 38 మంది చనిపోయారు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌ను కూడా వదలకూడదు. ఈ సమాచారంతో పొసిగే విలువలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో అది చెబుతుంది. ఇక్కడ ఆడ్స్ 29 శాతమే తగ్గి ఉండవచ్చు, 73 శాతం దాకా తగ్గి ఉండవచ్చు.

ఇంకొక అంకెను గమనించమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఏడు ట్రయళ్లు, 1,301 మంది అని చదివితే పెద్ద ఆధారంలా అనిపిస్తుంది. కానీ ఈ లెక్క నిలబడింది మొత్తం 78 చావుల మీద. చావుల విషయంలో ఒక అధ్యయనం బలాన్ని చేరిన రోగుల సంఖ్య కన్నా జరిగిన చావుల సంఖ్య నిర్ణయిస్తుంది. ఒక ట్రయల్లో మెగ్నీషియం వైపు ఒకరు, రెండో వైపు తొమ్మిది మంది చనిపోయారు. అటు ఇంకో ఇద్దరు పోయి, ఇటు ఇద్దరు బతికి ఉంటే ఆ ట్రయల్ చెప్పే కథ చాలా మారిపోయేది.

ఇప్పుడు హెటరోజెనిటీ. ఏడు ట్రయళ్లు ఒకే జవాబు చెప్పాయా? అందరూ ఒకే నిజాన్ని కొలుస్తున్నా, యాదృచ్ఛికంగా కొంత తేడా వస్తుంది. వచ్చిన తేడా అంతకు మించిందా అని అడగడమే ఈ పరీక్ష. దానికి కాక్రన్ పేరుతో ఉన్న Q అనే కొలమానం ఉంది. యాదృచ్ఛికత తప్ప ఇంకేమీ లేకపోతే ఏడు ట్రయళ్లకు Q దాదాపు 6 ఉండాలి. వాటి అంకెలతో లెక్కవేస్తే 7.8 వస్తుంది. మించిన భాగం 1.8, అంటే మొత్తంలో సుమారు 23 శాతం. దీన్నే I² అంటారు. ఐ-స్క్వేర్ అన్న ఈ కొలత 2002లో గానీ రాలేదు కాబట్టి 1991 వ్యాసంలో ఇది ఉండదు, నేను పాత అంకెల మీద ఇవాళ్టి పద్ధతిలో కట్టిన లెక్క ఇది.

23 శాతం చూసి చాలామంది ‘అధ్యయనాల మధ్య తేడాలు లేవు’ అని రాసేస్తారు. అది తప్పు. ఏడు చిన్న ట్రయళ్లతో ఈ పరీక్షకు తేడాను పట్టుకునే శక్తి బాగా తక్కువ. ఆ 23 శాతానికి కూడా ఒక ఇంటర్వల్ ఉంది, అది సున్నా నుంచి సుమారు 66 శాతం దాకా పోతుంది. అంటే తేడా లేదనడానికి గానీ, గట్టిగా ఉందనడానికి గానీ ఆధారం చాలలేదు. ‘తేడా ఉన్నట్టు ఈ పరీక్షలో బయటపడలేదు, కానీ ఉంటే బయటపెట్టేంత సమాచారం లేదు’ అని రాయాలి. ఈ ఏడింటిలోనే ఒక సంగతి దాగి ఉంది. మొత్తం వెయిటేజీలో దాదాపు 70 శాతం రెండే ట్రయళ్లది. ఒకటి ఆడ్స్ రేషియో 0.35 అంటే, రెండోది 1.25 అంది. ఒకదానిలో మందు కాపాడినట్టు ఉంది, ఇంకోదానిలో మందు తీసుకున్నవారే కాస్త ఎక్కువగా పోయారు. రెండూ చిన్నవే కాబట్టి ఆ వ్యత్యాసం కాకతాళీయం కావచ్చు. అయినా ‘ఏడు అధ్యయనాలూ ముక్తకంఠంతో చెప్పాయి’ అని ఎవరైనా రాస్తే అది అబద్ధం. ఫారెస్ట్ ప్లాట్ అనే బొమ్మ దాదాపు ప్రతి మెటా-అనాలిసిస్‌లోనూ ఉంటుంది. ఒక్కో ట్రయల్‌కు ఒక్కో గీత. కింద ఉండే వజ్రం ఆకారాన్ని చూసే ముందు పైనున్న గీతలను ఒక్కొక్కటిగా చూస్తే ఇలాంటివి కనబడతాయి.

తరవాతి కథ వేగంగా నడిచింది. 1992లో లిమిట్-2 అనే ట్రయల్ 2,316 మందితో వచ్చింది. 28 రోజుల్లో మెగ్నీషియం వైపు 7.8 శాతం, రెండో వైపు 10.3 శాతం మంది చనిపోయారు. 24 శాతం తగ్గుదల, ఇంటర్వల్ 1 నుంచి 43 శాతం. ఫలితం అదే దిశలో ఉంది, కానీ మేలు సైజు సగం కూడా లేదన్న సంగతి ఎక్కువమంది పట్టించుకోలేదు. 1993లో సర్క్యులేషన్ పత్రికలో యూసుఫ్, టియో, లిమిట్-2 నడిపిన వుడ్స్ కలిసి రాసిన వ్యాసం, ఈ చికిత్స పనిచేస్తుంది, సురక్షితం, తేలిక, చవక అని శీర్షికలోనే ప్రకటించింది.

1995లో ఐసిస్-4 వచ్చింది. 58,050 మంది రోగులు. 35 రోజుల్లో మెగ్నీషియం వైపు 29,011 మందిలో 2,216 మంది చనిపోయారు, ఇవ్వని వైపు 29,039 మందిలో 2,103 మంది. శాతాల్లో 7.64, 7.24. మేలు లేదు. అంకె కాస్త అవతలి వైపుకే వాలింది, ఆడ్స్ రేషియో 1.06, ఇంటర్వల్ 0.996 నుంచి 1.127. ఇక్కడ కూడా మాట జాగ్రత్తగా వాడాలి. ఇంటర్వల్ ఒకటిని దాటుతోంది కాబట్టి ‘మెగ్నీషియం హాని చేస్తుంది’ అనకూడదు. 78 చావుల లాంటి చిన్న లెక్కలో వచ్చే ‘మేలు కనబడలేదు’ అన్న మాటకూ, నాలుగు వేలకు పైగా చావుల లెక్కలో వచ్చిన అదే మాటకూ చాలా దూరం ఉంది. మొదటిది తెలియకపోవడం. రెండోది చెప్పుకోదగ్గ మేలు ఉండే అవకాశాన్ని కొట్టివేయడం. ఈ రెంటినీ ఒకే వాక్యంతో రాస్తే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

తొమ్మిది ట్రయళ్లూ, అంటే పాత ఏడు, లిమిట్-2, ఐసిస్-4, కలిపి లెక్కకడితే ఏమొస్తుందో చూడండి. ఫలితాల విభాగంలో చాలా వార్తలు తప్పిపోయే మలుపు ఇదే. కలపడానికి రెండు పద్ధతులున్నాయి. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ పద్ధతిలో నిజమైన ప్రభావం అన్నిచోట్లా ఒక్కటేనని అనుకుని, ఎక్కువ సమాచారం ఇచ్చిన ట్రయల్‌కు ఎక్కువ వెయిటేజీ ఇస్తారు. ఇక్కడ ఐసిస్-4 ఒక్కదానికే 94 శాతం పోతుంది. వచ్చే ఆడ్స్ రేషియో 1.03, ఇంటర్వల్ 0.97 నుంచి 1.10. మేలు లేదని అర్థం. ర్యాండమ్ ఎఫెక్ట్స్ పద్ధతిలో నిజమైన ప్రభావమే ఒక్కోచోట ఒక్కోలా ఉండవచ్చని ఒప్పుకుని వెయిటేజీని పంచుతారు. తేడాలు పెద్దవైతే పంపకం సమానానికి దగ్గరవుతుంది. ఐసిస్-4 వాటా 94 నుంచి 32 శాతానికి పడిపోతుంది. 270 మంది రోగులున్న ఒక చిన్న ట్రయల్‌కు దాదాపు 14 శాతం వస్తుంది. ఫలితం 0.68, ఇంటర్వల్ 0.46 నుంచి 1.01. మళ్లీ మందు పనిచేస్తున్నట్టే కనబడుతుంది.

అవే తొమ్మిది ట్రయళ్లు, అవే చావులు, జవాబులు రెండు. హెటరోజెనిటీ ఎక్కువైతే ర్యాండమ్ ఎఫెక్ట్స్ వాడాలన్నది చాలామంది చెప్పే సూత్రం. కానీ తేడా చిన్న ట్రయళ్లకూ పెద్ద ట్రయల్‌కూ మధ్య ఉన్నప్పుడు ఆ సూత్రం చిన్నవాటి గొంతునే పెంచుతుంది. చిన్నవాటిలోనే లోపం ఉంటే లోపమూ పెరుగుతుంది. అందుకే మూల వ్యాసంలో ఏ పద్ధతి వాడారో, రెండో పద్ధతిలో జవాబు మారిందో లేదో వార్తలో ఒక్క వాక్యమైనా ఉండాలి. మారిన చోట ఆ మార్పే అసలు వార్త.

ఈ తొమ్మిదింటికి Q విలువ యాదృచ్ఛికంగా 8 దగ్గర ఉండాల్సింది 22.3 వచ్చింది. ఐ-స్క్వేర్ 64 శాతం. దీన్ని ‘64 శాతం అధ్యయనాలు విభేదించాయి’ అని రాసినవారున్నారు. అది దాని అర్థం కాదు. ట్రయళ్ల ఫలితాల్లో కనబడుతున్న తేడాలో 64 శాతం యాదృచ్ఛికతకు అందనిది అని మాత్రమే అర్థం. తేడా ఎంత పెద్దదో ఐ-స్క్వేర్ చెప్పదు. దానికి ప్రెడిక్షన్ ఇంటర్వల్ అనేది చూడాలి, కొత్తగా ఇంకో ట్రయల్ చేస్తే అక్కడి నిజమైన ప్రభావం ఏ హద్దుల్లో ఉండవచ్చో అది చూపుతుంది. ఇక్కడ ఆ హద్దులు 0.26 నుంచి 1.78. అంటే గొప్ప మేలు దగ్గరినుంచి గట్టి హాని దాకా. ఇలాంటి చోట సగటు 0.68 అని శీర్షిక పెట్టడం న్యాయం కాదు.

ఎందుకీ తేడా? పబ్లికేషన్ బయాస్ ఇక్కడే వస్తుంది. 1995లోనూ, 1997లోనూ ఎగర్, డేవీ స్మిత్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ట్రయళ్లనే ఫనెల్ ప్లాట్ మీద పెట్టి చూపించారు. ఒక్కో ట్రయల్‌కు ఒక్కో చుక్క. అడ్డంగా ప్రభావం, నిలువుగా ట్రయల్ కచ్చితత్వం. పెద్ద ట్రయళ్లు పైన ఒకచోట గుమికూడతాయి, చిన్నవి కింద రెండు వైపులా సమానంగా చెదురుతాయి, మొత్తం బోర్లించిన గరాటులా ఉండాలి. మెగ్నీషియం బొమ్మలో కింద ఒక వైపు దాదాపు ఖాళీ. మేలు చూపిన చిన్న ట్రయళ్లు ఉన్నాయి, మేలు చూపని చిన్న ట్రయళ్లు ఉండాల్సిన చోట లేవు. యాభై, వంద మందితో చేసిన ట్రయల్లో ఫలితం రాకపోతే దాన్ని రాసి పంపే ఉత్సాహం పరిశోధకుడికి తగ్గుతుంది, వేసుకునే ఉత్సాహం పత్రికకు తగ్గుతుంది. 58 వేల మంది ట్రయల్‌ను మాత్రం ఎవరూ సొరుగులో పెట్టలేరు.

అయినా, గరాటు ఒరిగింది కాబట్టి పబ్లికేషన్ బయాస్ రుజువైంది అని రాయడం కూడా తప్పే. ఇది రెండో వైపు తప్పు, దీన్ని నేను చదువుకున్నవాళ్ల రాతల్లోనే ఎక్కువగా చూస్తాను. చిన్న ట్రయళ్లలో రోగులను రెండు గుంపులుగా పంచే పద్ధతి సరిగ్గా లేకపోయినా గరాటు ఒరుగుతుంది. చిన్నవాటిలో చేరిన రోగులు నిజంగానే వేరు రకం అయినా ఒరుగుతుంది. యాదృచ్ఛికంగానూ ఒరగవచ్చు. పైగా ఒరుగును కొలిచే ఎగర్ పరీక్షకు కనీసం పది ట్రయళ్లు ఉండాలన్నది కాక్రన్ సంస్థ మార్గదర్శకాల మాట. ఇక్కడ ఉన్నవి తొమ్మిదే. ‘పబ్లికేషన్ బయాస్ లేదని పరీక్షలో తేలింది’ అని ఆరేడు ట్రయళ్ల మెటా-అనాలిసిస్‌లో ఉంటే దాన్ని అలాగే తెలుగులోకి దించకండి. ఆ పరీక్షకు అంత శక్తి లేదు.

మెగ్నీషియం విషయంలో ఇంకో వివరణకు గట్టి మద్దతుదారులు ఉండేవారు. ఐసిస్-4లో మెగ్నీషియం ఆలస్యంగా, చాలామందికి గడ్డ కరిగించే మందు ఇచ్చాక అందిందని, తొందరగా ఇస్తే పనిచేసేదని వారి వాదన. హెటరోజెనిటీకి కారణం ఊహించడం వేరు, రుజువు చేయడం వేరు. వాదనకు దిగినవారు తగిన పనే చేశారు, దాన్ని పరీక్షించారు. మ్యాజిక్ అనే ట్రయల్లో ముప్పు ఎక్కువున్న 6,213 మందికి నొప్పి మొదలైన ఆరు గంటల లోపే మందు మొదలుపెట్టారు. 2002లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మెగ్నీషియం వైపు 15.3 శాతం, రెండో వైపు 15.2 శాతం చనిపోయారు. ఆ వివరణ నిలబడలేదు. బెంగళూరు సెయింట్ జాన్స్‌లో వైద్యం చదివిన సలీం యూసుఫ్, 1993లో దీన్ని పనిచేసే చికిత్స అన్న వ్యాస రచయితల్లో ఒకరు, అప్పటికే 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకీయంలో ఐసిస్-4 తరవాత దీన్ని మామూలుగా వాడడానికి ఆధారం లేదని రాశారు. శాస్త్రంలో నేను గౌరవించేది ఇటువంటి పనినే.

సరే, తొమ్మిది ట్రయళ్ల ఫలితాన్ని మీ పుటలో ఎలా రాయాలి? నేనైతే ఇలా రాస్తాను.

‘గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఎక్కించడంపై 61,667 మందితో జరిగిన తొమ్మిది ట్రయళ్లను కలిపి చూశారు. చిన్న ట్రయళ్లలో ఎక్కువ భాగం పెద్ద మేలు చూపగా, రోగుల్లో 94 శాతం మంది ఉన్న అతి పెద్ద ట్రయల్ మేలేమీ చూపలేదు. ఈ తేడా యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనంత పెద్దది. కలిపే పద్ధతిని బట్టి సగటు మారుతోంది: ఒక పద్ధతిలో మేలు లేదు, ఇంకో పద్ధతిలో చావు ఆడ్స్ మూడో వంతు తగ్గినట్టు కనబడినా అది కచ్చితం కాదు. మేలు చూపని చిన్న ట్రయళ్లు అచ్చు కాకపోయి ఉండవచ్చని బొమ్మలోని ఒరుగు సూచిస్తోంది, అయితే చిన్న ట్రయళ్ల నాణ్యతా లోపం కూడా అందుకు కారణం కావచ్చు. ప్రస్తుత ఆధారాలతో ఈ చికిత్సను మామూలుగా వాడమని చెప్పలేం.’

ఇందులో అర్థంకాని పదం దాదాపు లేదు. ఆడ్స్ అన్న ఒక్కదానికి పక్కన చిన్న వివరణ పెడితే సరిపోతుంది. చోటు కూడా పెద్దగా పట్టదు, రోజూ మీరు ఆహార చిట్కాకు ఇచ్చే చోటు చాలు.

ఒక సంగతి మీరు అడుగుతారని తెలుసు. విలేకరికి మూల వ్యాసం చదివే తీరిక ఉండదు, ఏజెన్సీ వార్త లేదా విశ్వవిద్యాలయం పంపిన ప్రకటన మీదే పని నడుస్తుంది. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఫారెస్ట్ ప్లాట్ బొమ్మ చాలా వ్యాసాల్లో ఉచితంగా చూడవచ్చు. అది తెరిచి, పెద్ద ట్రయల్ ఏమందో, దాని వాటా ఎంతో, మొత్తం ఎన్ని చావులో లేక ఎన్ని సంఘటనలో చూడడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు దొరకని రోజున, ‘ఈ విశ్లేషణలో అధ్యయనాల మధ్య తేడాల వివరాలు మాకు అందలేదు’ అని వార్త కిందే రాయండి. పాఠకుడు దాన్ని తప్పు పట్టడు.

మీ పుట చదివి మందు మానేసేవారు ఉన్నారు, మందు మొదలుపెట్టేవారూ ఉన్నారు. వాళ్లు డాక్టరు దగ్గరికి ఆ కత్తిరింపు పట్టుకుని వస్తారు. అందుకే నా విన్నపం ఇది: మెటా-అనాలిసిస్ మీద వచ్చే ప్రతి వార్తలోనూ సగటుతో పాటు దాని ఇంటర్వల్, అధ్యయనాలు ఎంత ఏకీభవించాయి, అచ్చుకాని అధ్యయనాల గురించి రచయితలు ఏమన్నారు అన్న మూడు సంగతులూ ఉండాలని మీ డెస్క్‌లో నియమం పెట్టండి. అవి దొరకకపోతే వార్తను ఒక రోజు ఆపండి.